ఫోటోకు ‘అత్తయ్య’ అని కీవర్డ్ పెట్టకండి

మా కుటుంబంలో పాత ఆల్బమ్‌లు స్కాన్ చేసి, ఫోన్లలోని ఫోటోలతో కలిపి, మనిషి పేరుతోనూ ఊరి పేరుతోనూ వెదికితే దొరికేలా సర్దే పని నేను చేస్తున్నాను. మేము గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం, చుట్టాల్లో సగం మంది విజయవాడలో ఉన్నారు. ఈ పని మొదలుపెట్టేవాళ్లలో చాలామంది మొదట టైపు చేసే మాటలు అమ్మ, నానమ్మ, అత్తయ్య, బావ. ఆ మాటలతో పెట్టిన కీవర్డులు, అంటే వెదకడానికి ఫోటోకు తగిలించే గుర్తుమాటలు, కొన్నేళ్లకు ఎవరికీ పనికిరాకుండా పోతాయని నా వాదన. పనికొచ్చే కీవర్డ్, దాన్ని రాసిన మనిషి ఎదురుగా లేకపోయినా అదే అర్థం ఇవ్వాలి. ఈ ఒక్క నియమం నుంచే స్థలం పేరు ఎలా రాయాలో, స్టార్లు ఎలా ఇవ్వాలో, అసలు ఇదంతా ఎక్కడ దాచాలో తేలుతుంది.

మన భాషలో చుట్టరికాల పేర్లు ఎంత నిక్కచ్చిగా ఉంటాయో అందరికీ తెలుసు. మేనత్త వేరు, పిన్ని వేరు, పెద్దమ్మ వేరు. అయితే ఆ నిక్కచ్చితనమంతా పిలిచేవాళ్ల వైపు నుంచి చూసినప్పుడే. మా నాన్నగారి చెల్లెలు నాకు మేనత్త. మా అమ్మకు ఆడపడుచు, ఆవిడ మనవరాలికి నానమ్మ. నేను ‘అత్తయ్య’ అని కీవర్డ్ పెడితే మా అమ్మ వెదికినప్పుడు వచ్చేది మేనత్త. కానీ మా అమ్మ ‘అత్తయ్య’ అని పిలిచే మనిషి మా నానమ్మ. మా ఇంట్లో ‘నానమ్మ’ అనే మాటకు ఇప్పటికే ముగ్గురు సొంతదారులు ఉన్నారు: నా నానమ్మ, నా పిల్లల నానమ్మ, మా బావ కూతురి నానమ్మ. ముగ్గురూ ఒకే పెళ్లి ఫోటోలో ఉన్నారు. ఆ ఫోటోకు ‘నానమ్మ’ అని రాయడం, ఏమీ రాయకపోవడం ఒక్కటే.

కాబట్టి మనిషికి ఒకే పేరు, అందరి నోటా అదే పేరు ఉండాలి. అయితే అసలు పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లు మనవి. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు వెంకటేశ్వర్లు, ఒకరికొకరు తాతామనవలు, ఏ కుటుంబంలో వెదికినా కనిపిస్తారు. ఇంటిపేరు చేర్చినా వాళ్లిద్దరూ విడిపోరు. పైగా ఆడవాళ్లకు పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. పుట్టింట్లో తీసిన ఫోటో ఒక పేరుతో, అత్తవారింట్లో తీసినది మరో పేరుతో చేరితే ఒకే మనిషి ఇద్దరవుతుంది. నేను స్థిరపడిన పద్ధతి ఇది: ఇంటిపేరు లేకుండా పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. సీతామహాలక్ష్మి 1953, రవి 1977 అని. (పేర్లూ పుట్టిన సంవత్సరాలూ ఇక్కడ మార్చి రాస్తున్నాను.) పుట్టిన సంవత్సరం పెళ్లితో మారదు, తాతకూ మనవడికీ ఒకటి కాదు. పెద్దవాళ్లలో కొందరికి ఏ ఏడు పుట్టారో తెలియదు. అప్పుడు దగ్గరి సంవత్సరం ఒకటి ఎంచుకుని, దాన్ని ఇక మార్చకుండా ఉంచాలి. అక్కడ సంవత్సరం పని వయసు చెప్పడం కాదు, ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడం.

చుట్టరికాలను పారేయమని నేను అనడం లేదు. వాటి చోటు క్యాప్షన్. కీవర్డ్ వెదకడానికి, క్యాప్షన్ చదవడానికి. క్యాప్షన్‌లో కూడా ‘మా అత్తయ్య’ అని కాకుండా ‘సుబ్బమ్మ కూతురు సీతామహాలక్ష్మి’ అని రాస్తే ఎవరు చదివినా అర్థం ఒక్కటే. పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు, ఇంట్లో పిలిచే ముద్దుపేరు కూడా ఇక్కడే రాసుకోవచ్చు. ఫోటోలు సర్దే ప్రోగ్రాముల్లో చాలావరకు క్యాప్షన్‌లోని మాటలనూ వెదుకుతాయి కాబట్టి, ముద్దుపేరే గుర్తున్న మనిషికీ ఆ ఫోటో దొరుకుతుంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఎదురయ్యే మాట ఒకటుంది. ఫోనే ముఖాలు గుర్తుపడుతోంది కదా, ఈ చాకిరీ ఎందుకు అని. ఫోన్ ముఖాలను గుంపు చేస్తుంది, పేరు చెప్పాల్సింది మనమే. ఆ పేరు చెప్పేటప్పుడే పైన చెప్పిన చిక్కంతా వస్తుంది. మూడేళ్ల పిల్లవాడినీ అరవై ఏళ్ల పెద్దమనిషినీ ఒకే మనిషిగా చూడటంలో, పోలికలు కలిసిన అక్కచెల్లెళ్లను విడదీయడంలో అది పొరపడుతుంది. నది వైపు తిరిగి అర్ఘ్యం ఇస్తున్న మనిషిని వీపు చూసి గుర్తుపడుతుందన్న నమ్మకం లేదు. ఫోటో తీసిన మనిషి దానికి ఎలాగూ కనిపించడు. ఇంట్లో కెమెరా పట్టుకునే మనిషి ఆల్బమ్ మొత్తంలో ఎక్కడా ఉండడు. అందుకే తీసినవారి పేరుకు ఫైల్లో విడిగా ఒక గడి ఉంటుంది, Creator అని. దాన్ని నింపితే ఫలానా వారు తీసినవి అని కూడా వెదకవచ్చు.

ఒక ఫోటోను మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. రంగులు కొద్దిగా వెలిసిన ప్రింటు. నీళ్లలో మోకాళ్ల లోతున ఇద్దరు ఆడవాళ్లు, ఒకరి చంకలో పిల్లవాడు. వెనక నది మీద వరసగా గేట్లు, ఆ వెనక కొండ. ప్రింటు వెనక పెన్సిల్‌తో ‘పుష్కరాలు’ అని తప్ప మరో మాట లేదు.

ముందు సంవత్సరం సంగతి. వెనక ఉన్నది ప్రకాశం బ్యారేజి. అది 1957లో పూర్తయింది, కాబట్టి 1956 పుష్కరాలు కావు. కృష్ణకు పన్నెండేళ్లకు ఒకసారి పుష్కరాలు: 1968, 1980, 1992, 2004, 2016. చంకలో పిల్లవాడు 1977లో పుట్టిన రవి అని వాళ్లమ్మే చెప్పింది. 1968 నాటికి అతను పుట్టలేదు, 1992 నాటికి పదిహేనేళ్ల వాడు. కాబట్టి 1980. ఇక్కడ స్కానర్ చేసే హాని ఒకటి చెప్పాలి. స్కాన్ చేసిన ఫైలుకు తేదీ ఏదైనా ఉందంటే అది స్కాన్ చేసిన రోజుదే. దాన్ని సరిచేయకపోతే కంప్యూటర్ ఈ ఫోటోను నిన్నటి పుట్టినరోజు ఫోటోల పక్కన పెడుతుంది. ఫోటో ఫైల్లో వివరాలు దాచే ఎక్స్ఎంపీ అనే అమరికలోని తేదీ గడిలో ఒట్టి సంవత్సరం రాసినా ఒప్పుకుంటుంది. కానీ కొన్ని ప్రోగ్రాములు రోజూ నెలా లేకుండా తీసుకోవు. అలాంటి చోట జనవరి 1 అని వేసి, క్యాప్షన్‌లో ‘సంవత్సరం మాత్రమే తెలుసు’ అని రాయాలి. లేకపోతే రేపు ఎవరో పుష్కరాలు జనవరిలో జరిగాయని నమ్ముతారు.

తర్వాత స్థలం. అసలు వాదన నాకు ఇక్కడే ఉంది. బ్యారేజి వెనక కనిపించేది ఇంద్రకీలాద్రి. అది నదికి ఉత్తరపు ఒడ్డున, విజయవాడలో ఉంది. అది నదికి అవతల కనిపిస్తోందంటే వీళ్లు నిలబడినది దక్షిణపు ఒడ్డు, అంటే గుంటూరు జిల్లా సీతానగరం వైపు రేవు. ఇదే ఫోటో ఈ రోజు ఫోనుతో తీస్తే, జీపీఎస్ ఫోను ఉన్నచోటు చెబుతుంది: తాడేపల్లి, గుంటూరు జిల్లా. ‘విజయవాడ’ అని వెదికిన మనిషికి ఆ ఫోటో రాదు, ఫోటోలో సగం విజయవాడే అయినా. కెమెరా నిలబడిన చోటు, ఫోటోలో కనిపించే చోటు వేరువేరు సంగతులు. ఫోటోల సమాచారానికి ప్రమాణాలు పెట్టిన ఐపీటీసీ సంస్థ ఈ రెంటికీ వేరువేరు గడులు ఇచ్చింది: Location Created, Location Shown. ఇళ్లలో వాడే ప్రోగ్రాముల్లో ఆ రెండు గడులూ ఎప్పుడూ తేలికగా కనిపించవు కాబట్టి నేను రెండు స్థలాలనూ కీవర్డులుగా పెట్టి, ఏది ఏదో క్యాప్షన్‌లో చెబుతాను.

జిల్లా పేరు మాత్రం కీవర్డుల చెట్టులో పెట్టవద్దంటాను. రాష్ట్రం కింద జిల్లా, జిల్లా కింద ఊరు, ఊరి కింద పేట అని కొమ్మలు వేయడం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు విజయవాడ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు వచ్చింది. గుంటూరు జిల్లాలో ఉన్న బాపట్ల, నరసరావుపేట వేరే జిల్లాలకు కేంద్రాలయ్యాయి. పాత ఫోటో పాత జిల్లా కింద, కొత్త ఫోటో కొత్త జిల్లా కింద చేరితే ఒకే ఊరు రెండు కొమ్మల మీద ఉంటుంది. ఊరు, దాని కింద పేట చాలు: విజయవాడ, దాని కింద సత్యనారాయణపురం, గుంటూరు, దాని కింద బ్రాడీపేట. ఊరికి కూడా ఒకే పేరు. మన పెద్దలు బెజవాడ అంటారు, అది వినడానికి నాకూ ఇష్టమే, కానీ కీవర్డ్ విజయవాడ అనే ఉండాలి. బెజవాడ అన్న మాట క్యాప్షన్‌లో హాయిగా ఉండవచ్చు.

అన్నీ కలిపితే ఆ ఫోటో క్యాప్షన్ ఇలా వచ్చింది: “కృష్ణా పుష్కరాలు, 1980. సీతానగరం వైపు రేవులో తీసినది. వెనక ప్రకాశం బ్యారేజి, అవతలి ఒడ్డున ఇంద్రకీలాద్రి. ఎడమ నుంచి కుడికి: సుబ్బమ్మ, ఆమె కూతురు సీతామహాలక్ష్మి, చంకలో కొడుకు రవి. సంవత్సరానికి ఆధారం రవి వయసు. వివరాలు చెప్పినది సీతామహాలక్ష్మి.” కీవర్డులు: సుబ్బమ్మ 1925, సీతామహాలక్ష్మి 1953, రవి 1977, సీతానగరం, విజయవాడ, ప్రకాశం బ్యారేజి, ఇంద్రకీలాద్రి, కృష్ణా పుష్కరాలు. ‘నది’, ‘స్నానం’, ‘చీర’, ‘సంతోషం’ లాంటివి పెట్టలేదు. వాటితో ఎవరూ కుటుంబ ఫోటో వెదకరు. క్యాప్షన్‌లోని చివరి రెండు వాక్యాలు మాత్రం ఎప్పటికీ వదలకూడదంటాను. రేపు మరొకరు వచ్చి ఇది 1992 అంటే, ఎవరి మాట మీద, ఏ లెక్కతో 1980 అన్నామో అక్కడే ఉంటుంది.

తెలుగులో రాయడానికి సంబంధించి రెండు సాంకేతిక ఇబ్బందులు ఉన్నాయి. ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఇవి దాదాపు ఎదురుకావు, అందుకే వాళ్ల పుస్తకాల్లో ఇవి కనిపించవు. మొదటిది కొలత. ఫోటో ఫైల్లో కీవర్డులు దాచే గడులు రెండు రకాలు. పాతది 1990ల నాటి ఐపీటీసీ ఐఐఎం, కొత్తది ఎక్స్ఎంపీ. పాతదానిలో ఒక కీవర్డ్‌కు 64 బైట్లే. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి మూడు, గుణింతపు గుర్తుకు మూడు, వత్తు వేసే విరామానికీ మరో మూడు. ‘ఇంద్రకీలాద్రి కనకదుర్గ ఆలయం’ అన్న కీవర్డ్ 77 బైట్లు అవుతుంది. పాత గడిలో ‘ఇంద్రకీలాద్రి కనకదుర్గ’ దాకా పట్టి, ఆలయం పోతుంది. కొన్ని ప్రోగ్రాములు రెండు గడుల్లోనూ రాస్తాయి. అప్పుడు కీవర్డుల జాబితాలో పూర్తి పేరూ తెగిన పేరూ రెండూ కనిపించడం మొదలవుతుంది. అలా కనిపిస్తే కారణం ఇదే. మందు సులువు: తెలుగు కీవర్డ్ పొట్టిగా ఉంచడం, వివరం క్యాప్షన్‌కు వదలడం. ‘సీతామహాలక్ష్మి 1953’ అంత పొడుగు పేరు కూడా 47 బైట్లే.

రెండోది కంటికి కనిపించని అక్షరం. ‘బస్‌స్టాండ్’ అని రాసేటప్పుడు స్, స్టా కలిసిపోయి వత్తులు పడకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో ఒక గుర్తు వేస్తాయి. తెర మీద దానికి రూపం లేదు. ఒకసారి అది ఉండేలా, ఒకసారి లేకుండా టైపు చేస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేరే మాటలు. ఒకటి వెదికితే రెండోది రాదు. అందుకే కీవర్డ్‌ను ప్రతిసారీ కొత్తగా టైపు చేయకూడదు. ఒకసారి చేసిన జాబితా నుంచి ఎంచుకోవాలి. రెండు మూడు అక్షరాలు కొట్టగానే ఉన్న కీవర్డులు చూపించే ప్రోగ్రామైతే ఇది దానంతటదే జరుగుతుంది.

ఇప్పుడు స్టార్లు. ఎక్కువ మంది స్టార్లను ఫోటో ఎంత బాగుందో చెప్పడానికి వాడతారు. ఇచ్చిన రోజు మనసును బట్టి మారేది ఆ లెక్క. పండగ రోజు కూర్చుంటే అన్నిటికీ ఐదు, చిరాకుగా ఉన్న రోజు అన్నిటికీ రెండు. నా పద్ధతిలో స్టారు ఒక ప్రశ్నకు జవాబు: ఈ ఫోటోను ఏ పనికి వాడతాం? ఒక స్టారు అంటే ఆధారంగా ఉంచాలి, ఎవరికీ చూపించనక్కరలేదు. మూడు అంటే ఆ వేడుక ఆల్బమ్‌లో ఉండాలి. నాలుగు అంటే ఆ మనిషి ముఖం స్పష్టంగా ఉంది, విడిగా ప్రింటు వేయవచ్చు. ఐదు అంటే గోడకు. రెండు నేను దాదాపు వాడను. స్టారే లేని ఫోటో అంటే ఇంకా చూడలేదని అర్థం, బాగాలేదని కాదు. ఈ తేడా చెరిగిపోతే ఎక్కడిదాకా వచ్చామో తెలియకుండా పోతుంది.

నాలుగో స్టారు విలువ ఎక్కడ తెలుస్తుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. ఇంట్లో పెద్దవారు పోయిన పూట గంటలో ఫ్లెక్సీకి ఫోటో కావాలి, ఆ తర్వాత పెద్దకర్మ కార్డుకు కావాలి. ఆ గడబిడలో ఎవరో ఫోనులో ఉన్న పెళ్లి గుంపు ఫోటో నుంచి ముఖం కత్తిరిస్తారు. పక్కవాళ్ల భుజం అంచున మిగిలిపోతుంది, ముఖం చుక్కలు చుక్కలుగా వస్తుంది. మనిషి పేరు, నాలుగు స్టార్లు లేదా అంతకు మించి అని వెదికితే మంచి ఫోటో వెంటనే దొరకాలి. ఈ పని కోసమే నేను గుంపు ఫోటోలకు నాలుగు ఇవ్వను, ఎంత బాగున్నా. మసకగా ఉన్నా ఒక మనిషికి ఉన్నది అదొక్కటే ఫోటో అయితే మాత్రం దానికి నాలుగు తప్పదు.

ఇంత రాసి, దాన్ని తప్పు చోట దాస్తే అంతా వృథా. కొన్ని ప్రోగ్రాములు మన కీవర్డులను తమ సొంత డేటాబేసులో పెట్టుకుంటాయి, ఫోటో ఫైలులో ఏమీ రాయవు. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నంతకాలం అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి. ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో వేసి తమ్ముడికి ఇస్తే అతనికి వట్టి బొమ్మలే వెళతాయి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో కేటలాగ్ సెట్టింగుల్లో Automatically write changes into XMP అన్న గడికి టిక్ పెట్టాలి, లేదా ఫోటోలు ఎంచుకుని Ctrl+S కొట్టాలి. ఉచితంగా దొరికే డిజిక్యామ్‌లో మెటాడేటా సెట్టింగుల్లో ట్యాగులు, క్యాప్షన్లు, రేటింగు, ముఖాల గుర్తులు ఒక్కొక్కటికీ విడిగా గడి ఉంటుంది. అన్నీ చూసుకోవాలి. గూగుల్ ఫోటోస్‌లో రాసిన వివరణ అసలు ఫైల్లోకి చేరదు. మొత్తం దించుకున్నప్పుడు అది పక్కన వేరే చిన్న ఫైలుగా వస్తుంది. కెమెరా తీసింది తీసినట్టు దాచే రా ఫైళ్లకు కూడా సాధారణంగా వివరాలు పక్కన .xmp ఫైల్లోనే ఉంటాయి. ఫోటోను జరిపి దాన్ని వదిలేస్తే పేర్లు పోయినట్టే.

నమ్మకంతో పని లేకుండా చూసుకోవడానికి ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. ఒక ఫైల్లో నిజంగా ఏముందో ఈ వరస చూపిస్తుంది:

```
exiftool -XMP-dc:Description -XMP-dc:Subject -XMP-xmp:Rating ghat.jpg
```

క్యాప్షన్, కీవర్డులు, స్టార్లు మూడూ తెర మీదకు వస్తే అవి ఫైలులో ఉన్నట్టు. ఏమీ రాకపోతే అవి ఇంకా ప్రోగ్రాము దగ్గరే ఉన్నాయి. విండోస్ కమాండ్ తెర మీద తెలుగు గడులుగా, ప్రశ్నార్థకాలుగా కనిపించవచ్చు. అది తెర ఇబ్బంది కావచ్చు, ఫైలును ఇంకో ప్రోగ్రాములో తెరిచి చూశాకే నిర్ధారించుకోవాలి. నేనైతే ఫోటోను ఇంకో కంప్యూటర్‌లో, ఇంకో ప్రోగ్రాములో తెరిచి పేరుతో వెదికి దొరికేదాకా ఆ ఆల్బమ్ పూర్తయిందని అనుకోను.

చుట్టాలకు పంపేటప్పుడు దీనికి రెండో వైపు కూడా ఉంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే లోపలి వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. కాబట్టి ఆల్బమ్ పంచుకునే తమ్ముడికి డాక్యుమెంట్‌గానో పెన్‌డ్రైవ్‌లోనో ఇవ్వాలి. బయటివాళ్లకు, పత్రికలకు, నలుగురూ చూసే చోటుకు పంపే ప్రతిని మాత్రం వేరుగా చేసి ఖాళీ చేయాలి. పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, ఇంటి జీపీఎస్ అన్నీ మనమే శ్రద్ధగా రాసి పెట్టాం కదా. ఈ వరస వాటిని చెరిపి, ఫోటో పక్కకు పడుకోకుండా నిలువు, అడ్డం గుర్తును మాత్రం ఉంచుతుంది:

```
exiftool -all= -tagsfromfile @ -orientation copy.jpg
```

పని అయ్యాక చివర _original అని ఉన్న ఫైలు ఒకటి పక్కన మిగులుతుంది. అందులో పాత వివరాలు అలాగే ఉంటాయి, పొరపాటున దాన్ని పంపకండి.